‘ఆంటీ’ గొడవ: వరస పోయి వయసు మిగిలింది

ముక్కూమొహం తెలియని స్త్రీని ‘ఆంటీ’ అనవచ్చా అన్న వాదన మళ్లీ రాజుకుంది. 2022 ఆగస్టులో టీవీ యాంకర్, నటి అనసూయ భరద్వాజ్‌ను సోషల్ మీడియాలో ఇదే మాటతో వేధించినప్పుడు, వయసును అడ్డం పెట్టుకుని అవమానిస్తున్నారని ఆమె తప్పుపట్టారు, పోలీసులకు ఫిర్యాదు చేస్తానన్నారు. అప్పుడూ ఇప్పుడూ అవతలి పక్షం చెప్పేది ఒకటే: ఊరందరినీ అత్తా, పిన్నీ అని పిలుచుకున్నవాళ్లం, ఆంటీ కూడా అలాంటి గౌరవమే కదా అని.

అలాంటిది కాదు. ఊళ్లో వరస వయసును చూసి పెట్టింది కాదు. ఎవరికి ఎవరు ఏమవుతారో ముందే తేలి ఉండేది. నలభై ఏళ్ల మనిషికి పాతికేళ్ల కుర్రాడు బాబాయి కావచ్చు, పిలిపించుకున్నందుకు ఆ కుర్రాడు నొచ్చుకోడు. చుట్టరికం లేనిచోట కూడా ఒక లెక్క నడిచేది. స్నేహితుడి భార్యను ‘చెల్లెమ్మా’ అంటే స్నేహితుడు బావ అయ్యేవాడు, ‘వదినా’ అంటే అన్న అయ్యేవాడు. పరాయి ఆడమనిషిని మగవాడు అక్కా, అమ్మా, పిన్నీ అనేవాడు తప్ప ‘మరదలా’ అనేవాడు కాదు. మరదలిది పెళ్లాడదగిన వరస గనక ఆ పిలుపు వెకిలిగా ఉండేది. పిలుపులో ఉన్న హద్దులు పలికేవాళ్లకూ వినేవాళ్లకూ తెలుసు.

ఊరంతా చుట్టాలే అన్నది కూడా సగం నిజమే. వెట్టి చేసిన తెలంగాణ రైతుకూలీ దొరను అన్నా అనలేదు, ‘నీ బాంచెన్ దొరా’ అన్నాడు. తాత వయసున్న దళితుణ్ని పైకులం పిల్లలు ‘ఒరేయ్’ అన్నారు. వరస కలిపే హక్కు అందరికీ ఎప్పుడూ లేదు.

అసలు మలుపు ఇంగ్లీషు మీడియం బళ్లతో, ఉద్యోగుల కాలనీలతో, అపార్ట్‌మెంట్లతో వచ్చింది. పక్కవాటాలో ఉన్నవాళ్లది ఏ ఊరో, ఏ కులమో తెలియదు, వరస కలపడానికి ఆధారం లేదు. పిల్లలకు అంకుల్, ఆంటీ నేర్పారు. దానివల్ల మేలూ జరిగింది, కులం ఆరా తీయకుండానే పలకరింపు సాగిపోయింది. అయితే పెద్దమ్మ, పిన్ని, అత్త ముగ్గురూ ఒక్క మాటలో కలిసిపోయాక అందులో కొలత ఒక్కటే మిగిలింది: నాకంటే ఒక తరం పెద్ద అని. ‘పిన్నిగారూ’లో ఉన్న ‘గారు’ కూడా జారిపోయింది. ఆ పిల్లలు పెరిగి ముప్పైకి వచ్చాక కూడా ఆ మాటను వదల్లేదు. ఈనాటి గొడవంతా అక్కడే పుట్టింది.

ఒక బట్టల కొట్టునే తీసుకోండి. ముప్పై ఏళ్ల అమ్మకందారు నలభై ఏళ్ల స్త్రీతో ‘ఆంటీ, ఈ రంగు మీకు బాగుంటుంది’ అంటాడు. పక్కనే ఉన్న పదేళ్ల పాప అదే మాట అంటే ఆమె నవ్వి ఊరుకుంటుంది, ఎందుకంటే ఆ పాపకు ఆమె నిజంగానే ఒక తరం పెద్ద. అతనికి మాత్రం పదేళ్లే పెద్ద, పాత లెక్కలో అక్క అయ్యేది. ఆమె ముఖమూ ఒళ్లూ చూసి అతను వయసు అంచనా కట్టాడు, దాన్ని నలుగురిలో పైకి అన్నాడు. మగవాళ్లకూ ‘అంకుల్’ చేదుగానే ఉంటుంది. కానీ ఆంటీ అన్న మాటను కుర్రకారు బూతుజోకుల్లోకి కూడా లాగారు, అందుకే అది ఆడవాళ్లను ఎక్కువ నొప్పిస్తుంది. గౌరవం కోసమే అంటున్నాం అనేవాళ్లు అదే వయసున్న తమ ఆఫీసు మేనేజర్‌ను ఆంటీ అనరు, మేడమ్ అంటారు.

అన్న, అక్క తరం మార్చవు కాబట్టి వయసు దగ్గర గుచ్చుకోవు. తెలంగాణలో నక్సలైట్లు ‘అన్నలు’ అయ్యారు, ఎన్టీఆర్ ‘అన్నగారు’ అయ్యారు. వీటితో ఇబ్బంది క్రియ దగ్గర వస్తుంది. తెలంగాణలో ‘అన్నా, జర జరుగు’ అంటే ఆప్యాయత. కోస్తాలో కొత్తవాడు ‘అన్నా, కొంచెం జరుగు’ అంటే, ఈ చనువు ఎవరిచ్చారని చూస్తారు, ‘జరగండి’ అనాలి. డబ్బిచ్చేవాళ్లు డెలివరీ చేసే మనిషిని ‘తమ్ముడూ, పైకి రా’ అనడంలోనూ అదే చిక్కుంది. అతను తిరిగి ‘అక్కా, కిందికి రా’ అనలేడు.

వయసు తెలియనప్పుడు సంబోధన లేకుండానే తెలుగులో పని జరుగుతుంది. ‘ఏమండీ, ఈ బస్సు ఎటు వెళ్తుంది?’ అంటే చాలు, ఆ ‘అండీ’ ఆడా మగా, చిన్నా పెద్దా అందరికీ సరిపోతుంది. తెలంగాణ పల్లెల్లో అది కాస్త ఎడంగా వినిపిస్తుంది, అక్కడ ‘అక్కా’ అనడమే మేలు.