ఫోన్ ఉన్నట్టుండి ఎందుకు మోత పెడుతుంది? అందులో మనం మార్చగలిగేవి ఏవి?

2023 జూలై నుంచి కొన్ని నెలల పాటు మన దేశంలో సెల్‌ఫోన్లు ఉన్నట్టుండి పెద్దగా మోగాయి. సైలెంట్‌లో పెట్టినవి కూడా మోగాయి. చాలా ఫోన్లలో తెర మీద ‘Emergency alert: Severe’ అని శీర్షిక, దాని కింద ఇది టెలికాం శాఖ పంపిన పరీక్ష సందేశమనీ, మీరేమీ చేయనక్కర్లేదనీ ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు కనిపించాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కోసం కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారుచేసిన వ్యవస్థను రాష్ట్రాల వారీగా పరీక్షించిన రోజులవి. ఫోన్ హ్యాక్ అయిందేమోనని కొందరు కంగారుపడ్డారు. ఇంకొందరు సెట్టింగ్స్‌లోకి వెళ్లి కనిపించిన బటన్లన్నీ ఆపేశారు. మొదటివాళ్లు భయపడాల్సిన పనిలేదు. రెండోవాళ్లు మాత్రం ఏది ఆపారో ఒకసారి చూసుకోవడం మంచిది.

ఈ సందేశం ఎస్సెమ్మెస్ కాదు, సెల్ బ్రాడ్‌కాస్ట్. ఎస్సెమ్మెస్ ఒక్కో నంబరుకు విడిగా వెళ్తుంది. ఒక జిల్లాలో ఉన్న లక్షల ఫోన్లకు పంపాలంటే వరుసలో ఆగి ఆగి చేరుతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో టవరు రేడియో స్టేషన్‌లా ఒకే సందేశాన్ని గాల్లోకి వదులుతుంది. ఆ పరిధిలో ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి అందుకుంటాయి. ఎవరి నంబరూ అక్కర్లేదు, ఎవరు అందుకున్నారో పంపినవాళ్లకు తెలియదు కూడా. ఈ పద్ధతి జీఎస్ఎం ప్రమాణాల్లో 1990ల నుంచే ఉంది. పాత నోకియా ఫోన్లలో ‘సెల్ ఇన్ఫో’ ఆన్ చేస్తే మనం ఏ ఏరియాలో ఉంటే ఆ పేరు తెర మీద వచ్చేది గుర్తుందా? అది 50వ చానెల్ మీద వచ్చిన సెల్ బ్రాడ్‌కాస్టే. అప్పట్లో చప్పుడు లేకుండా పేరు చూపించిన దారిలోనే ఇప్పుడు హెచ్చరిక వస్తోంది.

ఏది ఆపొచ్చు, ఏది ఆపకూడదు అన్న విభజన మాత్రం అమెరికాలో మొదలైంది. అక్కడ 2006లో చేసిన వార్న్ చట్టం, ఫోన్ వాడేవాళ్లు హెచ్చరికలు వద్దనుకునే వీలు ఉండాలంది. అధ్యక్షుడి పేరిట వచ్చే హెచ్చరికకు మాత్రం ఆ వీలు ఇవ్వలేదు. 2012 ఏప్రిల్‌లో వ్యవస్థ మొదలయ్యేనాటికి ఈ హెచ్చరికల తరగతులకు అంతర్జాతీయ మొబైల్ ప్రమాణాల్లో చానెల్ నంబర్లు కేటాయించారు. 4370 అధ్యక్షుడి పేరిట వచ్చే ఆ దేశస్థాయి హెచ్చరిక, దాన్ని ఆపే వీలు లేదు. 4371, 4372 ‘Extreme’, అంటే ప్రాణాపాయం తీవ్రంగా ఉన్నది. 4373 నుంచి 4378 దాకా ‘Severe’, దాని తర్వాతి మెట్టు. 4379 తప్పిపోయిన, అపహరణకు గురైన పిల్లల కోసం ఇచ్చే ఆంబర్ అలర్ట్. 4380 పరీక్ష సందేశం. ఫోన్ తయారుచేసేవాళ్లు ఈ నంబర్లనే సాఫ్ట్‌వేర్‌లో రాసుకున్నారు. నెల్లూరులో కొన్న ఫోన్ సెట్టింగ్స్‌లోనూ ‘Extreme threats’, ‘Severe threats’ అన్న మాటలు కనిపించడానికి కారణం ఇదే. మోత వచ్చినప్పుడు తెర మీది శీర్షిక చదివితే అది ఏ తరగతిలో వచ్చిందో, దాన్ని ఆపే వీలుందో లేదో తెలిసిపోతుంది.

ఇక ఆ చప్పుడు సంగతి. అమెరికా నిబంధన ప్రకారం అది 853, 960 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిసి మోగేది. రెండు సెకన్ల పొడవాటి మోత ఒకటి, సెకను చొప్పున చిన్న మోతలు రెండు, మధ్యలో అర సెకను విరామం, ఆ వరుస మళ్లీ. ఈ రెండు స్వరాల జత 1970ల నాటిది. రేడియో, టీవీ కేంద్రాల్లో ఉన్న రిసీవర్లు దాన్ని గుర్తుపట్టి వాటంతటవే మేల్కొనడానికి ఎంచుకున్నారు. దగ్గరదగ్గరి స్వరాలు కలిసి చెవికి గరుకుగా తగులుతాయి కాబట్టి మనిషి కూడా ఉలిక్కిపడతాడు. దీన్ని రింగ్‌టోన్‌లా మార్చుకునే వీలు ఉండదు. వేరే ఏ మోతతోనూ కలవకూడదన్నదే ఉద్దేశం. ప్రకటనల్లో, వినోద కార్యక్రమాల్లో దీన్ని వాడితే అక్కడ జరిమానా వేస్తారు.

మార్చగలిగేవి ఎక్కడుంటాయంటే, ఆండ్రాయిడ్‌లో Settings తెరిచి వెతికే పెట్టెలో emergency alerts అని కొట్టడం అన్నిటికన్నా సులువు. కంపెనీని బట్టి అది Safety & emergency కిందో, Notifications కిందో, మెసేజ్ యాప్ సెట్టింగ్స్‌లోనో ఉంటుంది. లోపల Extreme, Severe, AMBER, Test alerts విడివిడిగా ఉంటాయి. వైబ్రేషన్, సందేశాన్ని చదివి వినిపించడం, చూడకపోతే మళ్లీ గుర్తుచేయడం కూడా చాలా ఫోన్లలో మార్చుకోవచ్చు. ఐఫోన్‌లో Settings > Notifications లో అడుగుకంటా వెళ్తే కనిపిస్తాయి. ఏ బటన్లు కనిపిస్తాయన్నది సిమ్ ఏ దేశానిది అన్నదాన్ని బట్టి మారుతుంది. కాబట్టి డాలస్‌లో ఉన్న అన్నయ్య చెప్పిన బటన్ గుంటూరులో చెల్లెలి ఫోన్‌లో లేకపోతే ఫోన్ పాడైందని అనుకోవద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో మాట. అర్ధరాత్రి ఆంబర్ అలర్ట్‌కు విసిగి అన్నీ ఆపేసేవాళ్లు ఉంటారు. నిద్ర చెడుతోందనుకుంటే ఆంబర్ ఒక్కటే ఆపండి. సుడిగాలి హెచ్చరిక వచ్చేది వేరే తరగతిలో, దాన్ని ఆపితే నిద్రలో లేపేది ఉండదు. మన దగ్గరైతే పరీక్షలు కూడా చాలా ఫోన్లలో ‘Severe’ పేరుతోనే వచ్చాయి. పరీక్షల చిరాకుతో ఆ బటన్ ఆపినవాళ్లకు అదే తరగతిలో వచ్చే అసలు హెచ్చరికా అందదు. దాన్ని తిరిగి ఆన్ చేసుకోవాలి.

పక్కవాళ్ల ఫోన్ మోగి మనది మోగకపోవడానికి కారణాలు మామూలువే: ఎయిర్‌ప్లేన్ మోడ్, ఆపేసిన బటన్, లేదా ఈ సౌకర్యం లేని పాత ఫోన్. 2జీలో కాల్ మాట్లాడుతున్నప్పుడు కూడా అందదు. 4జీలో ఆ ఇబ్బంది లేదు. రెండుసార్లు మోగడానికీ కారణం ఉంది. టవరు అదే సందేశాన్ని మళ్లీమళ్లీ పంపుతూనే ఉంటుంది, ఫోన్ దాని వరుస సంఖ్య చూసి పాతదైతే వదిలేస్తుంది. పంపినవాళ్లు సందేశాన్ని సవరించి సంఖ్య మారిస్తే కొత్తదిగా లెక్కేసి మళ్లీ మోగుతుంది. రెండు కంపెనీల సిమ్‌లున్న ఫోన్‌లో రెండు వైపుల నుంచీ రావచ్చు.

టవరు పడిపోతే ఇదేదీ రాదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తీరం దాటాక విశాఖలో సెల్ సేవలు చాలావరకు నిలిచిపోయాయి. ఈ మోత పనికొచ్చేది గాలి రాకముందే. తర్వాతి సమాచారానికి బ్యాటరీ రేడియో దగ్గరుంచుకోవాలి.

ఫోన్ నుంచి వచ్చే ప్రతి సైరనూ ప్రభుత్వానిది కాదు. గూగుల్ భూకంప హెచ్చరిక వేరే, అది ఇంటర్నెట్ మీద వస్తుంది. మన దేశంలో 2023 సెప్టెంబర్‌లో మొదలైంది. Safety & emergency లోని Earthquake alerts దగ్గర ఆపొచ్చు. జేబులో పవర్ బటన్ వరసగా నొక్కుకుపోయి మోగేది అత్యవసర కాల్ వెళ్లబోయే ముందు వచ్చే ఎస్ఓఎస్ కౌంట్‌డౌన్. ఆ శబ్దాన్ని Emergency SOS లో తీసేయొచ్చు. అసలు హెచ్చరిక ఏదీ ఓటీపీ, బ్యాంకు వివరాలు అడగదు.

ఇంట్లో హింస భరిస్తూ రహస్యంగా రెండో ఫోన్ దాచుకున్నవాళ్లకు మాత్రం ఈ మోత ప్రమాదం తెచ్చిపెడుతుంది. 2023 ఏప్రిల్ 23న బ్రిటన్‌లో దేశవ్యాప్త పరీక్ష జరిపినప్పుడు, అలాంటివాళ్లు హెచ్చరికలను ఎలా ఆపుకోవాలో ముందే చెప్పారు. సైలెంట్‌లో పెడితే చాలదు. ఆ ఫోన్‌లో Extreme, Severe రెండూ ఆపాలి. అవసరం లేనప్పుడు ఫోన్‌ను పూర్తిగా స్విచాఫ్ చేయాలి, ఎందుకంటే దేశస్థాయి హెచ్చరికను బటన్‌తో ఆపలేం.