“స్కూల్లో పనిచేసింది కదా సార్!” – సైన్స్ స్టాల్ సర్దుడులో అపోహలు, వాస్తవాలు

పల్నాడు వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మండల, జిల్లా స్థాయి సైన్స్ ప్రదర్శనలకు పిల్లల్ని తీసుకెళ్ళడం చాలా ఏళ్ళుగా నా మెడకే చుట్టుకుంది. ఇన్నేళ్ళలో మా స్టాల్ పరువు పోయిన రోజులు గుర్తు చేసుకుంటే, సైన్సు తప్పై పోయినవి తక్కువ. సంచిలో పెట్టాల్సింది పెట్టకపోవడం వల్ల, పెట్టింది సరిచూసుకోకపోవడం వల్ల పోయినవే ఎక్కువ.

అన్ని రకాల మోడళ్ళ గురించీ చెప్పను. మా వైపు ప్రతి ప్రదర్శనలోనూ రెండు మూడు స్టాళ్ళలో కనిపించే మోడల్ ఒకటుంది. మట్టి ఎండితే మోటారు దానంతటదే ఆన్ అయ్యి మొక్కకు నీళ్ళు పెడుతుంది, తడిశాక ఆగిపోతుంది. దానిలో ఉండేవి ఇవి: మట్టిలో గుచ్చే రెండు కాళ్ళ సెన్సర్, దాని పక్కన నీలం స్క్రూ ఉన్న చిన్న బోర్డు, పంపును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు లాంటి రిలే బోర్డు, నీళ్ళ డబ్బాలో మునిగే బుల్లి పంపు, పైపు, కుండీలో మిరప మొక్క. ఈ ఒక్కదాన్ని పట్టుకునే మాట్లాడతాను.

అపోహ: స్కూల్లో పదిసార్లు పనిచేసింది, అక్కడా పనిచేస్తుంది.

స్కూల్లో పదిసార్లు అంటే పది రోజుల్లో పదిసార్లు. ప్రదర్శనలో అదే పదిసార్లు అరగంటలో చూపించాలి. తేడా అంతా అక్కడే ఉంది.

మొదటిసారి జిల్లాకు వెళ్ళినప్పుడు జరిగింది చెప్తాను. పొద్దున్నే తలుపులు తెరవగానే పక్క ఊరి పిల్లలు వచ్చారు. మావాళ్ళు ఉత్సాహంగా సెన్సర్‌ను పొడి మట్టిలో గుచ్చారు, పంపు తిరిగింది, మట్టి తడిసింది, పంపు ఆగింది. చప్పట్లు. పది నిమిషాలకు జడ్జీలు వచ్చారు. కుండీ ఇంకా తడిగానే ఉంది, పంపు తిరగదు. తిరగకపోవడమే ఆ మోడల్ గొప్పతనం, కానీ చూడ్డానికి వచ్చినవాళ్ళకు కనిపించేది పనిచేయని పంపు. మా అమ్మాయి “ఇందాక పనిచేసింది సార్” అంది. జడ్జి నవ్వి పక్క స్టాల్‌కి వెళ్ళిపోయారు.

నల్లరేగడి మట్టి ఒకసారి తడిస్తే ఆ రోజుకి ఆరదు. అందుకే ఇప్పుడు కుండీ ఒక్కటే తీసుకెళ్ళం. మొక్క ఉన్న కుండీ చూపించడానికి, దాని పక్కన ప్లాస్టిక్ గ్లాసులు ఆరు చూపించి ఆడించడానికి. మూడు గ్లాసుల్లో ఎండబెట్టి, నలగ్గొట్టి, జల్లించిన మట్టి. ఒకదానిలో తడి మట్టి. రెండు ఖాళీ. జడ్జి ముందు సెన్సర్ తడి గ్లాసులో ఉంటుంది, పంపు ఆగి ఉంటుంది. దాన్ని తీసి గుడ్డతో తుడిచి పొడి గ్లాసులో గుచ్చితే పంపు తిరుగుతుంది. పైపు కొస ఆ గ్లాసులోనే పెడితే, నీళ్ళు సెన్సర్ దాకా ఇంకగానే ఆగుతుంది. మొత్తం నిమిషం లోపే. తడిసిన మట్టిని ఖాళీ గ్లాసులోకి వంపేసి, డబ్బాలోంచి పొడి మట్టి పోసుకుంటే తర్వాతి వాళ్ళకు సిద్ధం. రెండు కిలోల పొడి మట్టి మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉండాలి. గోనెసంచిలో పెడితే రాత్రి మంచుకు చెమ్మ లాగేస్తుంది.

మట్టిని నలగ్గొట్టడం చాదస్తం కాదు. రేగడి గడ్డల మధ్య సెన్సర్ గుచ్చితే కాళ్ళకు మట్టి తగలదు, గాలి తగులుతుంది. అప్పుడు ఎంత తడిగా ఉన్నా అది ‘పొడి’ అనే చెప్తుంది, పంపు ఆగదు, బల్ల అంతా బురద. ఇక నీలం స్క్రూ సంగతి. ఎంత తడి దగ్గర పంపు ఆగాలో నిర్ణయించేది అదే. దాన్ని ఏ మట్టితో సరిచేశారో ఆ మట్టే తీసుకెళ్ళాలి. అక్కడ దొరికే ఇసుక మట్టి వాడితే మళ్ళీ తిప్పాలి. అందుకని చిన్న స్క్రూడ్రైవర్ సంచిలో కాదు, జేబులో ఉండాలి. సరిచేశాక స్క్రూ ఉన్న చోట స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకుంటే, ఎవరైనా తిప్పి చూసినా వెనక్కి తేవచ్చు. తిప్పుతారు, నమ్మండి.

అపోహ: కొత్త 9 వోల్టుల బ్యాటరీ వేస్తే రోజంతా చాలు.

ఈ అపోహ దుకాణాల వాళ్ళకే ఉంది, ఇక పిల్లల్ని ఏమంటాం! దీర్ఘచతురస్రంగా ఉండే ఆ బ్యాటరీ ఎల్ఈడీకి, మల్టీమీటర్‌కి బాగుంటుంది. మోటారు తిప్పే బలం దానికి లేదు. బుల్లి పంపుకు 100 నుంచి 200 మిల్లీ ఆంపియర్లు, రిలేకు మరో 70 దాకా కావాలి.

బ్యాటరీ బలహీనపడిందని చెవితోనే పట్టుకోవచ్చు. రిలే ‘టిక్’మని ఒకసారి కొట్టుకుని ఊరుకోవాలి. అలా కాకుండా టిక్ టిక్ టిక్ అని ఆగకుండా కొట్టుకుంటుంటే కారణం ఇది: పంపు మొదలవగానే వోల్టేజి పడిపోతుంది, రిలే వదిలేస్తుంది, పంపు ఆగి భారం తగ్గగానే వోల్టేజి పెరుగుతుంది, రిలే మళ్ళీ పట్టుకుంటుంది. మావాళ్ళు ఒకసారి దీన్ని సెన్సర్ జబ్బు అనుకుని అరగంట సెన్సర్లు మార్చారు. పంపు తిరుగుతుండగా బ్యాటరీ రెండు కొసల మీద మల్టీమీటర్ పెట్టి ఉంటే 9 ఉండాల్సిన చోట 5 చూసి, అక్కడే తేల్చుకునేవాళ్ళం. విడిగా కొలిస్తే మాత్రం 9 చూపించి మోసం చేస్తుంది.

సరే, పవర్ బ్యాంక్ పెడదామని ఇంకో ఏడు వెళ్ళాం. దానికి వేరే జబ్బు. మట్టి తడిగా ఉండి పంపు ఆగినప్పుడు సర్క్యూట్ తీసుకునే కరెంటు చాలా తక్కువ. ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని పవర్ బ్యాంక్ తనంతట తాను ఆగిపోతుంది. జడ్జి వచ్చేసరికి అన్ని లైట్లూ ఆరిపోయి ఉంటాయి. బటన్ నొక్కితే మళ్ళీ వస్తుంది, కానీ పిల్లలకు ఆ సంగతి తెలియాలి కదా.

ఇప్పుడు మా పద్ధతి: ప్లగ్ దొరికితే పాత మొబైల్ చార్జర్, 5 వోల్టులు. దొరకకపోతే రీచార్జబుల్ పెన్సిల్ సెల్లులు నాలుగు, హోల్డర్‌తో సహా. ఒక్కోటి 1.2 చొప్పున 4.8 వోల్టులు వస్తాయి, రిలేకూ పంపుకూ సరిపోతుంది. చార్జ్ చేసిన రెండో సెట్టు డబ్బాలో. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం మనదే తీసుకెళ్ళాలి, వైరు కనీసం 5 మీటర్లు. మూడు స్టాళ్ళకు కలిపి ఒక్క ప్లగ్ ఇచ్చిన చోట్లు చూశాను. ఎక్స్‌టెన్షన్ ఉన్నవాడి చుట్టూ స్నేహితులు చేరతారు. చార్జర్, బాక్స్ రెండూ నీళ్ళ డబ్బాకు దూరంగా, బల్ల అంచుకు కట్టి ఉండాలి, నేల మీద వద్దు.

అపోహ: స్పేర్ అంటే ప్రతి వస్తువూ ఇంకొకటి కొనడం.

ఒక ఏడాది అలాగే కొన్నాం. రెండో రోజు పంపు ఆగింది, స్పేర్ పంపు తీశాం. దాని మూతి లావు, మా పైపు దూరలేదు. రిలే బోర్డు కూడా మార్చి చూద్దామని కొత్తది పెట్టాం. ఈసారి తడి మట్టిలో పంపు తిరిగి, పొడి మట్టిలో ఆగింది! కొన్ని రిలే బోర్డులు సిగ్నల్ ఎక్కువైనప్పుడు పట్టుకుంటాయి, కొన్ని తక్కువైనప్పుడు. మన సెన్సర్ బోర్డు తడిలో సిగ్నల్‌ను తక్కువ చేస్తుంది, కాబట్టి రిలే రకం మారితే మోడల్ తలకిందులవుతుంది. అలాంటప్పుడు కంగారు పడక్కర్లేదు. రిలే మీద మూడు స్క్రూలుంటాయి, పంపు వైరును ఒక కొసనున్న `NO` నుంచి రెండో కొసనున్న `NC` కి మారిస్తే సరిపోతుంది. కానీ అది జడ్జి ముందు గుర్తు రాదు.

అందుకే ఇప్పుడు లెక్క వేరు. కదిలేది, తడిసేది, గుచ్చి తీసేది, ఈ మూడే పాడవుతాయి. వాటికే స్పేర్. పంపు ఒకటి, దాని పైపు దానికే తొడిగి. సెన్సర్ కాళ్ళు రెండు జతలు, ఎందుకంటే తడి మట్టిలో కరెంటు పారుతూ ఉంటే ఒక కాలి మీది లోహం కరిగి నల్లబడుతుంది. రెండు మూడు రోజులు ఆపకుండా పెడితే రీడింగే మారిపోతుంది. ఎవరూ లేనప్పుడు సెన్సర్‌ను బయటకు తీసి, స్విచ్ ఆపాలి. బోర్డుల్ని కలిపే జంపర్ వైర్లు పది. బస్సు కుదుపులకు ఊడేవి ఇవే. బ్రెడ్‌బోర్డు మీదే తీసుకెళ్తుంటే ప్రతి వైరు మొదట్లో చుక్క గ్లూ వేసి, ఏ వైరు ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. నీలం స్క్రూ బోర్డు పాడవడం అరుదు, అది కొనక్కర్లేదు.

స్పేర్ అన్నది సీలు విప్పని కవరులో ఉందంటే అది స్పేర్ కాదు. ఒక్కోదాన్నీ మోడల్‌లో పెట్టి, పనిచేయించి, తీసి, పేరు రాసి డబ్బాలో పెట్టాలి. పంపును మాత్రం నీళ్ళలో ముంచాకే ఆన్ చేయండి. ఒట్టిగా తిప్పితే కాలిపోతుంది.

అపోహ: చార్టులు ఎన్ని ఉంటే అంత మంచిది.

మా బల్ల వెనక ఒకప్పుడు ఏడు చార్టులు. ఇప్పుడు మూడు. సర్క్యూట్ బొమ్మ ఒకటి, పిల్లలు తీసుకున్న రీడింగుల పట్టిక ఒకటి, ఖర్చు లెక్క ఒకటి. ఎన్‌సీఈఆర్‌టీ మార్గదర్శకాల్లో పిల్లల సొంత సృజనకు 20 శాతం ఉంటే, ప్రదర్శన తీరుకు 10 శాతమే. తక్కువ ఖర్చు, మోసుకెళ్ళే వీలు, మన్నికకు ఇంకో 10. అంటే రంగు కాగితాల కంటే ఖర్చు చార్టే ఎక్కువ పనిచేస్తుంది. రీడింగుల పట్టిక ఉంటే “మీరే చేశారా?” అన్న ప్రశ్నకు జవాబు గోడ మీదే ఉంటుంది. ఆ రీడింగులు రాసుకున్న, కొట్టివేతలున్న రఫ్ నోటుబుక్కు కూడా బల్ల మీద పెట్టండి, ఫెయిర్ చేయొద్దు.

చార్టు రాసిన వైపు బయటికి ఉండేలా చుట్టాలి. లోపలికి చుడితే విప్పాక అంచులు ముందుకు ముడుచుకుని అక్షరాలు కనబడవు. షామియానా గుడ్డకు సెలోటేపు పట్టదు, సున్నం గోడకు అసలే పట్టదు. పురికొస, బట్టల క్లిప్పులు డజను తీసుకెళ్తే ఎక్కడైనా వేలాడతాయి.

అపోహ: బాగా మాట్లాడే పిల్లాడు ఒకడు చాలు.

వాడు భోజనానికి వెళ్ళినప్పుడే జడ్జీలు వస్తారు.

ఇక సంచి సంగతి. మాకు రెండు డబ్బాలు. ఒకటి మోడల్‌ది, ఇంకోటి రిపేరుది. రిపేరు డబ్బా మూత లోపల జాబితా అంటించి ఉంటుంది: పంపు-పైపు, సెన్సర్ జతలు, సెల్లులు, జంపర్లు, మల్టీమీటర్, ఇన్సులేషన్ టేపు, కత్తెర, పాత బనియన్ గుడ్డలు, పొడి మట్టి డబ్బా, ఖాళీ గ్లాసులు, రెండు లీటర్ల నీళ్ళ సీసా. వెళ్ళే ముందు రోజు సాయంత్రం ఒక పిల్ల చదువుతుంది, ఇంకో పిల్ల వస్తువును చేత్తో ముట్టుకుని “ఉంది” అంటుంది. కళ్ళతో చూసి చెప్పడం ఒప్పుకోను. తిరిగొచ్చే సాయంత్రం కూడా ఇదే. సెన్సర్ కాళ్ళు కడిగి తుడవాలి, పంపులో నీళ్ళు ఊదేయాలి, సెల్లులు హోల్డర్‌లోంచి తీయాలి. పోయినసారి మల్టీమీటర్ పక్క స్టాల్ వాళ్ళకు ఇచ్చి మర్చిపోయామని ఆ లెక్కలోనే బయటపడింది, బస్సు ఎక్కకముందే.