సూప్ తాగినవాడి వాటా ఎంత?

హైదరాబాద్‌లో ఒక రెస్టారెంటు. నలుగురు స్నేహితులు భోజనం ముగించారు. సుధ 270 రూపాయల వెజ్ బిర్యానీ, 70 రూపాయల మజ్జిగ తీసుకుంది. ఇమ్రాన్‌కు ఆ రోజు గట్టి ఆకలి, 450కి మటన్ బిర్యానీ, దాని ముందు 400కి అపోలో ఫిష్. రవళికి చికెన్ బిర్యానీ 360, లైమ్ సోడా 110. కడుపు బాగాలేని కిరణ్ 140 రూపాయల టమాటా సూప్‌తో సరిపెట్టుకున్నాడు. చివర్లో ఒక ఖుబానీ కా మీఠా వచ్చింది, ధర 210. దాన్ని కిరణ్ ముట్టుకోలేదు, మిగతా ముగ్గురూ పంచుకున్నారు.

ఇక బిల్లు. పదార్థాల మొత్తం 2010. దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జీ 201. ఈ రెండూ కలిపిన 2211 మీద సీజీఎస్టీ రెండున్నర శాతం, ఎస్‌జీఎస్టీ రెండున్నర శాతం, ఒక్కొక్కటి 55.28. మొత్తం 2321.56. పైసలు సవరించి అడుగున 2322 అని అచ్చువేశారు. రవళి ఫోన్ తీసి స్కాన్ చేసి కట్టేసింది. మిగిలిన ముగ్గురూ ఆమెకు ఎంతెంత పంపాలి?

అందరికీ తోచే మొదటి మాట, నాలుగు భాగాలు చేసెయ్యండి అని. తలా 580 రూపాయల 50 పైసలు. సూప్ తాగిన కిరణ్‌కు ఇది సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టే ఉంటుంది. ఇందులో కిరణ్‌కు జరిగే అన్యాయం ఒక్కటే కాదు, ఇంకో చిక్కూ ఉంది. సమానంగా పంచుకుంటామని ముందే తెలిస్తే మనుషులు ఆర్డర్ చేసే తీరే మారిపోతుంది. ఉరి నీజీ, ఎర్నాన్ హరువీ, హదాస్ యాఫే అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఇజ్రాయెల్‌లో దీన్ని నిజమైన భోజనాలతోనే పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఒకరికొకరు పరిచయం లేని ఆరుగురిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎవరి బిల్లు వాళ్లే కట్టాలన్న బల్లల దగ్గర మనిషికి సగటున సుమారు 37 షెకెళ్ల తిండి ఆర్డర్ చేశారు. సమానంగా పంచాలన్న చోట అది దాదాపు 51కి చేరింది. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. ఆరుగురు పంచుకునే చోట నేను అదనంగా 60 రూపాయల వంటకం తెప్పించుకుంటే నా జేబులోంచి పోయేది పది రూపాయలే. మిగతా యాభై పక్కవాళ్లవి. బల్ల చుట్టూ అందరూ ఇదే లెక్క వేసుకుంటే చివరికి అందరూ తమకు అంతగా అక్కర్లేని తిండికి డబ్బు కడతారు. ఆ ఆరుగురూ కొత్తవాళ్లు కాబట్టి ఫలితం అంత స్పష్టంగా కనిపించిందేమో. పాత స్నేహితుల మధ్య మొహమాటం కొంత అడ్డుపడుతుంది.

రెండో పద్ధతి చూడటానికి న్యాయంగానే ఉంటుంది, నన్నడిగితే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎవరు తిన్నదానికి వాళ్లే కట్టాలి, పన్నూ సర్వీస్ ఛార్జీ మాత్రం అందరివీ కాబట్టి సమానంగా పంచుకోవాలి అంటారు. మన బిల్లులో ఆ పైఖర్చు 312 రూపాయలు, అంటే తలా 78. కిరణ్ తిన్నది 140 రూపాయలదే కాబట్టి అతని మీద పడిన 78 దాదాపు 56 శాతం అవుతుంది. ఖుబానీలో వాటాతో కలిపి 920 రూపాయల తిండి తిన్న ఇమ్రాన్‌కు అదే 78 ఎనిమిదిన్నర శాతం మాత్రమే. అసలు ఛార్జీ, పన్ను కలిపి అందరి మీదా పడాల్సింది పదిహేనున్నర శాతం. తక్కువ తిన్నవాడు ఎక్కువ శాతం పన్ను కట్టాడన్నమాట.

ఏ ఖర్చు ఎలా పుట్టిందో అలాగే పంచాలి. సర్వీస్ ఛార్జీ, జీఎస్టీ మనుషుల సంఖ్యను బట్టి పుట్టవు, తిండి ధరను బట్టి పుడతాయి. ఇమ్రాన్ అపోలో ఫిష్ తెప్పించుకోకపోయి ఉంటే బిల్లులో 400 ఒక్కటే కాదు, దాని మీది ఛార్జీ, పన్ను కలిపి 462 తగ్గేవి. ఆ 62 రూపాయలు కూడా ఆ చేపవే.

లెక్క కూడా చాలా తేలిక. పది శాతం కలపడమంటే 1.10తో హెచ్చవేయడం, ఆ వచ్చినదానికి ఐదు శాతం కలపడమంటే 1.05తో హెచ్చవేయడం. రెండూ కలిపి ఒకే గుణకం:

1.10 × 1.05 = 1.155

మొత్తం 2010ని 1.155తో హెచ్చవేసినా, ఎవరి తిండి ధరను వారికి విడిగా 1.155తో హెచ్చవేసి తర్వాత కూడినా ఒకే సంఖ్య వస్తుంది. బడిలో నేర్చుకున్న విభాగ న్యాయమే ఇది. శాతాలేమిటో బిల్లులో సరిగా కనబడకపోయినా ఇబ్బంది లేదు. అడుగున ఉన్న మొత్తాన్ని పైన ఉన్న పదార్థాల మొత్తంతో భాగిస్తే గుణకం అదే దొరుకుతుంది. బిల్లు మొత్తం మీద పది శాతం తగ్గింపు ఇచ్చి ఉంటే అదీ ఆ గుణకంలోనే ఇమిడిపోతుంది.

ఇక ఖుబానీ కా మీఠా. దీన్ని పంచాల్సింది గుణకం వాడకముందే. 210ని ముగ్గురికి పంచితే తలా 70, దాన్ని ఆ ముగ్గురి ఖాతాలో సొంత వంటకంలా రాసేయాలి. ఇప్పుడు సుధది 410, ఇమ్రాన్‌ది 920, రవళిది 540, కిరణ్‌ది 140. వీటిని 1.155తో హెచ్చవేస్తే సుధకు 473.55, ఇమ్రాన్‌కు 1062.60, రవళికి 623.70, కిరణ్‌కు 161.70. సూప్ తాగినవాడి వాటా 580 కాదు, 162కు కాస్త తక్కువ.

ముగ్గురూ సమానంగా తినలేదంటే? ఇమ్రాన్ సగం తిని, మిగతా ఇద్దరూ చెరో పావు తిన్నారనుకుంటే 105, 52.50, 52.50 అని రాసుకోవచ్చు. కిరణ్ రుచికోసం ఒక చెంచా తీసుకుని ఉంటే దాన్ని లెక్కలోకి తేకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ గిన్నెను తెప్పించింది అతని కోసం కాదు, అతను లేకపోయినా 210 అయ్యేది.

చాలా బృందాల్లో ఈ పంచుకున్న వంటకం దగ్గరే లెక్క తప్పుతుంది. ఎవరి వంటకాలకు వాళ్లు పన్నూ ఛార్జీ కలుపుకుంటారు, తర్వాత మీఠాకు తలా 70 పంపేస్తారు. అప్పుడు వచ్చేది 1800కి 2079, దాని మీద 210, వెరసి 2289. బిల్లు 2322. తక్కువ పడిన 33 రూపాయలు ముందు డబ్బు కట్టిన రవళి నెత్తిన పడతాయి. ఆ 33 ఎక్కణ్నుంచి వచ్చిందో చూడండి: 210లో పదిహేనున్నర శాతం సుమారు 32.55, మిగతాది పైసల సవరణ. మీఠా మీది పన్నూ ఛార్జీ ఎవరి ఖాతాలోనూ చేరలేదన్నమాట. ఇంకో తప్పు, పదీ ఐదూ కూడి పదిహేను శాతం వేసుకోవడం. అప్పుడు 2311.50 వస్తుంది, దాదాపు పది రూపాయలు తక్కువ. 201 రూపాయల సర్వీస్ ఛార్జీ మీద పడిన ఐదు శాతం పన్ను సరిగ్గా 10.05. అంటే తేడా ఎంతో చూసి తప్పు ఏదో పట్టుకోవచ్చు. తేడా పంచుకున్న వంటకం మీది ఛార్జీ, పన్నుతో సరిపోతే ఆ వంటకాన్ని ఆలస్యంగా కలిపారని, సర్వీస్ ఛార్జీ మీది పన్నుతో సరిపోతే శాతాలను కూడేశారని.

పైసలు మిగిలాయి. ప్రతి వాటానూ దగ్గరి రూపాయికి సవరిస్తే 474, 1063, 624, 162. కూడితే 2323, బిల్లు కంటే ఒక రూపాయి ఎక్కువ. నాలుగు వాటాల్లోనూ పైసలు యాభై దాటడంతో నాలుగూ పైకే జరిగాయి. ఇది చిన్న విషయమే అయినా ఇదే చిక్కు 1792లో అమెరికాలో రాష్ట్రాలకు ప్రతినిధుల సభ స్థానాలు పంచేటప్పుడు వచ్చింది, ఎందుకంటే స్థానాన్ని ముక్కలు చేయలేరు. అప్పటి అమెరికా ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ ఒక పద్ధతి సూచించాడు. ముందు అందరి భిన్నాలనూ వదిలేసి పూర్ణసంఖ్యలే ఉంచుకోవాలి. మొత్తానికి ఎన్ని తక్కువ పడ్డాయో చూసి, వదిలేసిన భిన్నం ఎవరికి పెద్దదో వాళ్లకు మొదట, తర్వాతి పెద్దదానికి తర్వాత, ఒక్కొక్కటి కలుపుతూ పోవాలి. మన లెక్కలో 473, 1062, 623, 161 కూడితే 2319. మూడు రూపాయలు కావాలి. రవళికీ కిరణ్‌కూ 70 పైసలు, ఇమ్రాన్‌కు 60, కాబట్టి ఆ ముగ్గురికీ ఒక్కో రూపాయి చేరుతుంది. 55 పైసల సుధ వాటా 473 దగ్గరే ఆగుతుంది. ఇప్పుడు 473, 1063, 624, 162 కూడితే సరిగ్గా 2322. అమెరికాలో ఈ పద్ధతికి ఒక వింత లోపం తర్వాత బయటపడింది: 1880 జనగణన లెక్కల్లో సభ మొత్తం 299 స్థానాలైతే అలబామాకు ఎనిమిది, 300 చేస్తే ఏడే వచ్చాయి. భోజనం బిల్లులో ఆ లోపం వల్ల పోయేది మహా అయితే ఒక రూపాయి.

ఇంతవరకూ సర్వీస్ ఛార్జీ కట్టక తప్పదన్నట్టు లెక్కించాం. నిజానికి అది పన్ను కాదు, ప్రభుత్వానికి చేరదు. రెస్టారెంట్లు దాన్ని తమంతట తాము బిల్లులో వేయకూడదనీ, తిండి ధరతో కలిపి దాని మీద జీఎస్టీ వసూలు చేయకూడదనీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో దిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మన నలుగురూ తీసేయమని అడిగితే గుణకం 1.05కి పడిపోతుంది, బిల్లు 2110.50 అవుతుంది. ఆదా 201 కాదు, 211 రూపాయలు, ఎందుకంటే ఛార్జీ మీది పన్ను కూడా పోతుంది. తీసేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఛార్జీ ఉన్నా లేకపోయినా వాటాలు కట్టే పద్ధతి మారదు, గుణకం మాత్రమే మారుతుంది.

ఒకే గుణకం పనిచేయని సందర్భమూ ఉంది. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దాని మీద రాష్ట్రాల పన్ను వేరు. అందువల్ల భోజనం, మద్యం కలిసిన బిల్లులో రెండు భాగాలకూ పన్ను వేర్వేరుగా పడుతుంది. అప్పుడు భోజనానికి ఒక గుణకం, మద్యానికి ఇంకో గుణకం తీయాలి. ప్రతి భాగంలో పన్నుతో కలిపిన మొత్తాన్ని పన్నుకు ముందున్న మొత్తంతో భాగిస్తే చాలు. లేకపోతే లైమ్ సోడా తాగిన రవళి పక్కవాడి బీరు మీది పన్నులో కొంత మోస్తుంది. దీనికి భిన్నంగా, ఒకే కారులో వచ్చిన నలుగురికీ వాలెట్ పార్కింగ్ కోసం 60 రూపాయలు తీసుకుంటే అది ఎవరెంత తిన్నారన్నదాన్ని బట్టి పుట్టిన ఖర్చు కాదు. దాన్ని ఏ గుణకంలోనూ కలపకుండా తలా 15 చొప్పున వేయాలి, సూప్ తాగిన కిరణ్‌కు కూడా.