రిపోర్టులో గడ్డకట్టని రక్తం, కాలిలో గడ్డ

గుంటూరులో 28 ఏళ్ల మహిళకు జరిగిన వైద్యంపై గొడవ మళ్లీ రాజుకుంది. ఎడమ కాలు వాచిందని చేరితే, డాప్లర్ స్కాన్‌లో తొడ సిరలో గడ్డ కనిపించింది. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే ఏపీటీటీ పరీక్షలో మాత్రం 62 సెకన్లు వచ్చింది. ఆ ల్యాబ్‌లో 36 దాటకూడదు. రక్తస్రావం భయంతో, గడ్డ పెరగకుండా ఇచ్చే హెపారిన్ మందు ఆపామని ఆసుపత్రి అంటోంది. రెండో రోజుకి గడ్డ ముక్క ఊపిరితిత్తుల్లోకి చేరింది.

పరీక్ష ఒకటి చెప్పి, శరీరంలో మరొకటి జరగడం కొత్త కాదు. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే లూపస్ జబ్బు ఉన్నవాళ్ల ప్లాస్మా పరీక్షలో ఆలస్యంగా గడ్డకడుతుందని 1950ల నుంచే తెలుసు. అసలు మలుపు 1963లో వచ్చింది. అలాంటి రోగుల్లో కొందరికి గడ్డలు ఏర్పడుతున్నాయని అమెరికాలోని మాయో క్లినిక్ నుంచి బోవీ బృందం రాసింది.

కారణం పరీక్షలోనే ఉంది. గడ్డకట్టించే కారకాలు పని చేయడానికి ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం పీటలా కావాలి. ఏపీటీటీ రియేజెంట్‌లో అది కొలతగా వేసి ఉంటుంది. ఇలాంటి రోగుల రక్తంలో ఉండే యాంటీబాడీలు ఆ పీటను ఆక్రమిస్తే కారకాలకు చోటు దొరక్క టైమ్ పెరుగుతుంది. శరీరంలో మాత్రం కణాల పొరల మీద ఫాస్ఫోలిపిడ్‌కు కొరత లేదు. పైగా ఈ యాంటీబాడీలు రక్తనాళాల లోపలి కణాలను, ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. గడ్డలు అలా వస్తాయి. వీటిలో చాలావరకు అంటుకునేది కొవ్వుకు కాదని, దాని మీద చేరే బీటా-2 గ్లైకోప్రోటీన్-1 అనే ప్రోటీన్‌కని 1990లో తేలింది.

ల్యాబ్ వాళ్లు అడుగుతున్నది ఒక్కటే: మిక్సింగ్ టెస్ట్ ఎందుకు రాయలేదు? రోగి ప్లాస్మాలో అంతే నార్మల్ ప్లాస్మా కలిపి చూస్తారు. కారకం లోపమైతే టైమ్ మామూలుకు దిగుతుంది. ఆమెకు 54 దగ్గరే ఆగింది, అంటే ఏదో అడ్డుపడుతోంది. కానీ ఆ పరీక్ష చేసింది తర్వాతే. మొదటి రోజు, హెపారిన్ పడకముందు తీసిన శాంపిల్ మిగిలి ఉండబట్టి సరిపోయింది. హెపారిన్ కలిసిన రక్తంలో ఈ లెక్క తప్పుతుంది. తర్వాత రక్తపింజరి విషంతో చేసే పరీక్ష. మన పొలాల్లో తిరిగే పామే. ఫాస్ఫోలిపిడ్ తక్కువగా వేస్తే 70 సెకన్లు, ఎక్కువగా వేస్తే 40. కొవ్వు పెంచగానే అడ్డు తగ్గిందంటే అది లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అని పిలిచే ఈ యాంటీబాడీల పనే.

ఆసుపత్రి భయం పూర్తిగా నిరాధారం కాదు. అరుదుగా ఈ యాంటీబాడీలతోపాటు ప్రోత్రాంబిన్ అనే గడ్డకట్టించే కారకం బాగా పడిపోయి రక్తం కారుతుంది. అప్పుడు గడ్డకట్టే సమయాన్ని మరో దారిలో కొలిచే పీటీ కూడా పెరుగుతుంది. ఈమె పీటీ, ప్లేట్‌లెట్లు మొదటి రోజు రిపోర్టులోనే మామూలుగా ఉన్నాయి. మామూలు హెపారిన్ డోసును ఏపీటీటీ చూసి సరిచేయలేమన్న ఇబ్బంది నిజమే. బరువును బట్టి ఇచ్చే ఎనాక్సాపరిన్ అనే మరో రకం హెపారిన్‌కు ఆ అవసరమే లేదు.

ఇప్పుడు ఆమె గడ్డలు రాకుండా వేసుకునే వార్ఫరిన్ మీద ఉంది, ఆ మందు ప్రభావాన్ని చూపే ఐఎన్ఆర్‌ను 2కూ 3కూ మధ్య నిలుపుతున్నారు. ఇన్ఫెక్షన్ల తర్వాత కూడా ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు కనిపించి పోతాయి కనుక, 12 వారాల తర్వాత మళ్లీ పాజిటివ్ వస్తేనే ఈ యాంటీబాడీల వల్ల గడ్డలు వచ్చే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే జబ్బని ఖాయం చేస్తారు. ఆ రెండో రిపోర్టు ఇంకా రావాలి.