ఫోటోలో కుదిరిన చొక్కా ఒంటికి ఎందుకు పట్టదు

పోయినేడాది ఆన్‌లైన్‌లో ఒక చారల చొక్కా కొన్నాను. కొనేముందు యాప్‌లో నా ఫోటో పెడితే, ఆ చొక్కాను నాకు తొడిగి చూపించింది. కాలరు మెడ చుట్టూ చక్కగా కూర్చుంది. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉంది. చారలు ఛాతీ మీంచి నిటారుగా దిగాయి. పార్సిల్ వచ్చాక తొడుక్కుని చూస్తే రెండో గుండీకీ మూడో గుండీకీ మధ్య బట్ట చిన్న కన్నులా విచ్చుకుంది. చెయ్యి ముందుకు చాపితే వీపు దగ్గర పట్టేసింది. ఫోన్‌లో ఆ బొమ్మను మళ్లీ తీసి చాలాసేపు చూశాను. నీడలు, ముడతలు, చేతి మడత, అన్నీ నిజం ఫోటోలో ఉన్నట్టే ఉన్నాయి. చొక్కా పట్టదని చెప్పే గుర్తు మాత్రం ఒక్కటీ లేదు.

అది ఎందుకు లేదో తెలియాలంటే ఆ బొమ్మ ఎలా తయారవుతుందో చూడాలి. ముందు ప్రోగ్రాం మన ఫోటోలో కీళ్లను వెతుకుతుంది. మెడ, భుజాలు, మోచేతులు, మణికట్లు, నడుము ఇలా సాధారణంగా 18 చోట్ల చుక్కలు పెడుతుంది. తర్వాత ఫోటోలోని ప్రతి పిక్సెల్‌కీ ఒక పేరు పెడుతుంది: ఇది జుట్టు, ఇది ముఖం, ఇది చెయ్యి, ఇది పైన వేసుకున్న బట్ట. ఆ పైబట్ట ఉన్నచోటునీ, చేతుల్లో చాలా భాగాన్నీ బూడిద రంగుతో కప్పేస్తుంది. చేతుల్ని ఎందుకు కప్పాలంటే, మనం ఫుల్ హ్యాండ్స్ వేసుకుని ఫోటో దిగి, హాఫ్ హ్యాండ్స్ చొక్కా చూడాలనుకోవచ్చు. అప్పుడు మోచేయి కింద చర్మాన్ని కొత్తగా గీయాలి. ఇప్పుడు ప్రోగ్రాం దగ్గర మిగిలింది ముఖం, జుట్టు, ప్యాంటు, కీళ్ల చుక్కలు, మధ్యలో ఒక బూడిద ఖాళీ.

ఆ ఖాళీలోకి చొక్కాను తేవాలి. చొక్కా ఫోటో తెల్లటి నేల మీద పరిచి తీసింది. 2018లో వచ్చిన సీపీ-విటన్ అనే పద్ధతి ఆ చొక్కా బొమ్మ మీద అడ్డంగా 5, నిలువుగా 5, మొత్తం 25 చుక్కల వల పరుస్తుంది. ఒక్కో చుక్కను ఎంత జరిపితే కాలరు మెడ దగ్గరికి, భుజాలు భుజాల మీదికి వస్తాయో లెక్క కడుతుంది. పల్చటి రేకును కొన్ని చోట్ల పట్టుకుని వంచితే మధ్య భాగం కూడా దానంతట అదే ఎలా ఒంగుతుందో, చుక్కల మధ్య ఉన్న బట్ట కూడా అలాగే సాగి సర్దుకుంటుంది. చివర్లో ఇంకో భాగం ఆ సాగిన చొక్కాను మిగతా ఫోటోతో కలిపి, అంచులు అతికి, నీడలు దిద్దుతుంది. ఈమధ్య వచ్చిన డిఫ్యూజన్ పద్ధతులు ఈ రెండు పనులనూ కలిపేస్తాయి. గజిబిజి చుక్కలతో మొదలుపెట్టి, ఆ గజిబిజిని దశలవారీగా తీసేస్తూ చొక్కాను ఆ ఖాళీలో నేరుగా గీస్తాయి. బొమ్మ ఎంతో బాగుపడింది. ముంజేతి మీద పడే ముడతలు ఇప్పుడు నమ్మేలా ఉంటాయి.

ఇందులో ఎక్కడా సెంటీమీటరు అన్న మాట రాలేదు, గమనించారా? చొక్కా ఫోటోలో స్కేలు ఉండదు. మీడియం చొక్కానూ ఎక్స్‌ఎల్ చొక్కానూ పరిచి తీసిన ఫోటోలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అసలు షాపు ఒకే సైజుకు ఫోటో తీసి అన్ని సైజులకూ అదే పెడుతుంది. మన ఫోటోలోనూ స్కేలు లేదు. కాబట్టి ప్రోగ్రాం చేసేది ఒక్కటే: చొక్కా భుజాలను తెచ్చి మన భుజాల మీద పెడుతుంది. భుజం కుట్టు ఎముక చివర కూర్చోవడం కొలిచి చెప్పిన జవాబు కాదు. అది ఆ లెక్క మొదలయ్యే చోటు.

ఇంకా లోతైన కారణం ప్రోగ్రాంకు పాఠం చెప్పిన తీరులో ఉంది. నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే. ప్రోగ్రాంకు నేర్పాలంటే సరైన జవాబు ఉన్న ఉదాహరణలు కావాలి. అంటే ఒకే మనిషి, ఒకే భంగిమలో, రెండు వేర్వేరు చొక్కాల్లో ఉన్న ఫోటోలు కావాలి. చేతిని వేలెడు కూడా కదపకుండా చొక్కా మార్చుకోవడం ఎవరివల్లా కాదు కాబట్టి అలాంటి ఫోటోలు దొరకవు. అందుకే పరిశోధకులు ఒక ఉపాయం పట్టుకున్నారు. షాపు పేజీలో చొక్కా ఒక్కటే ఉన్న ఫోటో ఒకటి, మోడల్ దాన్ని వేసుకున్న ఫోటో ఒకటి ఉంటాయి. మోడల్ ఒంటి మీది చొక్కాను బూడిద రంగుతో కప్పేసి, పరిచిన చొక్కా ఫోటో చేతికిచ్చి, 'దీన్ని మళ్లీ తొడుగు' అంటారు. వచ్చిన బొమ్మను అసలు ఫోటోతో పోల్చి తప్పులు దిద్దుతారు. 2018 నాటి విటన్ పరిశోధనకు ఇలాంటి జతలు సుమారు 16 వేలు వాడారు. బొమ్మలు అప్పట్లో చిన్నవి, 256 పిక్సెళ్ల ఎత్తు, 192 వెడల్పు. 2021లో వచ్చిన విటన్-హెచ్‌డీ అనే ఫోటోల సేకరణలో 13 వేలకు పైగా జతలు ఉన్నాయి. బొమ్మ ఎత్తు 1024 పిక్సెళ్లకు పెరిగింది.

ఆ జతల్లో ఎవరున్నారో ఆలోచించండి. అమ్మకానికి తీసిన ఫోటోల్లో మోడల్‌కు ఆమె సైజు చొక్కానే వేస్తారు. కాస్త లూజుగా ఉంటే వీపు వెనక క్లిప్పులు పెట్టి బిగిస్తారు. గుండీల మధ్య బట్ట విచ్చుకుంటే ఆ ఫోటోను పక్కన పడేస్తారు. అంటే ప్రోగ్రాం తన పాఠంలో పట్టని చొక్కాను దాదాపు చూడలేదు. నేను అడిగింది 'ఈ చొక్కా నాకు పడుతుందా' అని. దానికి నేర్పింది 'ఇది పట్టిన మనిషి మీద ఎలా ఉంటుంది' అని. పరీక్ష పెట్టేటప్పుడు చూసే మార్కులు కూడా బొమ్మ అసలు ఫోటోకు ఎంత దగ్గరగా ఉంది, ఎంత సహజంగా ఉంది అన్నదానికే. చంక దగ్గర బిగువు ఎంత అని అడిగే మార్కు అందులో లేదు.

స్కేలు ఇచ్చినా కష్టమేనని నా ఫోటోతోనే లెక్క వేసి చూశాను. నా భుజాల వెడల్పు 42 సెంటీమీటర్లు, ఆ ఫోటోలో అది 210 పిక్సెళ్లు. అంటే ఒక పిక్సెల్ 2 మిల్లీమీటర్లు. ఒక సైజుకూ తర్వాతి సైజుకూ ఛాతీ చుట్టుకొలతలో తేడా 5 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ 5లో సగం వీపు వైపు పోతుంది. ముందు వైపు మిగిలిన రెండున్నర సెంటీమీటర్లు రెండు పక్కలకూ పంచుకుంటే ఒక్కో పక్కకు వచ్చేది సుమారు 12 మిల్లీమీటర్లు, అంటే 6 పిక్సెళ్లు. ఆ 6 పిక్సెళ్లు ఉండేది చేతులు ఒంటిని ఆనుకునే చోటే. అక్కడ నీడ ఉంటుంది, మడత ఉంటుంది, చొక్కా అంచు ఎక్కడో కంటితో కూడా తేల్చలేం.

ఎదురుగా తీసిన ఫోటోకు ఒంటి మందం కూడా కనిపించదు. ఛాతీని కోడిగుడ్డు ఆకారం అనుకోండి. ఇద్దరికీ ముందు నుంచి చూస్తే వెడల్పు 30 సెంటీమీటర్లే. ఒకరికి ఛాతీ నుంచి వీపు దాకా మందం 22, ఇంకొకరికి 26. మొదటివారి చుట్టుకొలత సుమారు 82 సెంటీమీటర్లు వస్తుంది, రెండోవారిది 88. ఒక సైజుకు మించిన తేడా అది. ఫోటోలో మాత్రం ఇద్దరూ ఒకే వెడల్పున నిలబడతారు.

బట్ట సాగే గుణం కూడా రంగులో కనపడదు. అల్లికతో చేసిన టీషర్ట్ బట్ట సాగుతుంది కాబట్టి ఒంటి చుట్టుకొలత కన్నా కొన్ని సెంటీమీటర్లు తక్కువ ఉన్నా హాయిగా వేసుకోవచ్చు. నేసిన కాటన్ చొక్కా అంత తక్కువైతే గుండీ పడదు. నిజంగా బిగువును లెక్కగట్టే పద్ధతులు లేకపోలేదు. త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్లలో బట్ట కత్తిరించిన ముక్కల కొలతలు, ఆ బట్ట ఎంత సాగుతుంది, ఎంత ఒంగుతుంది, ఎంత బరువు ఉంది అన్నవి ఇస్తే, త్రీడీ శరీరం మీద వేసి ఎక్కడ లాగుతోందో రంగులతో చూపిస్తాయి. ఒక ఫోటోతో అయ్యే పని కాదది.

మన యాప్ ఏ కోవలోదో తెలుసుకోవడం తేలిక. ఒకే చొక్కాకు మీడియం ఒకసారి, ఎక్స్‌ఎల్ ఒకసారి ఎంచుకుని తొడిగించండి. రెండు బొమ్మల్లో భుజం కుట్టు, చేతి పొడవు, కింది అంచు అదే చోట ఉంటే సైజు ఆ లెక్కలోకి వెళ్లనే లేదు. ఇంకో పరీక్ష నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. నేను లూజు స్వెట్టర్‌లో దిగిన ఫోటో ఒకటి, టైట్ టీషర్ట్‌లో దిగిన ఫోటో ఒకటి ఇచ్చి, రెండింటికీ అదే చారల చొక్కా తొడిగించాను. స్వెట్టర్ ఫోటోలో చొక్కా వదులుగా వచ్చింది, టీషర్ట్ ఫోటోలో ఒంటికి అతుక్కుని వచ్చింది. పాత బట్టను కప్పిన బూడిద ఖాళీ ఆకారమే కొత్త చొక్కా ఆకారాన్ని కొంతవరకు నిర్ణయిస్తోందన్నమాట. దీన్ని తగ్గించడానికే చాలా పద్ధతులు పాత బట్ట అంచు దాటి ఇంకాస్త ఎక్కువ చోటు కప్పుతాయి. అయినా పూర్తిగా పోదు.

కొన్ని షాపులు బొమ్మ పక్కనే 'మీ సైజు ఇది' అని చెబుతాయి. చాలాచోట్ల అది వేరే లెక్క. మన ఎత్తు, బరువు, ఇంతకుముందు కొన్నవి, వెనక్కి పంపినవి చూసి చెప్పేది. బొమ్మ బాగుందని ఆ సలహాను ఎక్కువ నమ్మకూడదు, ఆ సలహా ఉందని బొమ్మనూ ఎక్కువ నమ్మకూడదు.

నేను చివరికి టేపు తీశాను. నాకు బాగా పట్టే పాత చొక్కాను మంచం మీద పరిచి, గుండీలు పెట్టి, ఒక చంక కుట్టు నుంచి ఇంకో చంక కుట్టు దాకా కొలిస్తే 54 సెంటీమీటర్లు వచ్చింది. రెట్టింపు చేస్తే 108. నా ఛాతీ 97, అంటే నాకు 11 సెంటీమీటర్ల వదులు ఉంటేనే చెయ్యి హాయిగా ఆడుతుంది. చారల చొక్కా 50 వచ్చింది, రెట్టింపు 100. వదులు 3 సెంటీమీటర్లే. షాపు పేజీలో సైజు చార్ట్ ఉంది కానీ, అందులో రాసింది చొక్కా కొలత కాదు, ఆ సైజు ఏ ఒంటికి సరిపోతుందో ఆ ఒంటి కొలత. చొక్కా కొలత కావాలంటే అదే పేజీలో ఇంకా కిందికి వెళ్లి వెతకాల్సి వచ్చింది. అక్కడ 100 అని స్పష్టంగానే ఉంది. రెండు చొక్కాలకూ తేడా 8 సెంటీమీటర్లు. యాప్ చూపించిన బొమ్మలో అది ఒక్కో పక్క 10 పిక్సెళ్లు, అవి కూడా నా చేతుల వెనక.