పల్స్ నాలుగు రోజులుగా పెరుగుతోందా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్న నా దగ్గరకు ఈమధ్య జబ్బుతో కాక గ్రాఫుతో వచ్చేవారు ఎక్కువయ్యారు. చేతి వాచీ చూపించిన విశ్రాంతి గుండె వేగం అరవైల్లో ఉండేది కాస్తా నాలుగైదు రోజుల్లో ఎనభైకి చేరిందని ఫోను నా ముందు పెట్టి, "గుండెకేమన్నా అయితాదా సార్?" అని అడుగుతారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆ భయంతో వాళ్లు నా దగ్గరకు రాకముందే చేసి వచ్చే పనులు మాత్రం నాకు చికాకు తెప్పిస్తాయి.

అపోహ: విశ్రాంతిలో పల్స్ పెరిగిందంటే గుండె దెబ్బతిన్నట్లే, కాబట్టి ముందు ఆ అంకెను దించాలి.

వాస్తవం: గుండె తనంతట తాను వేగం నిర్ణయించుకోదు. శరీరానికి ఆ పూట ఎంత రక్తం కావాలో నరాలు, హార్మోన్లు చెబుతుంటే అది పాటిస్తుంది. ఒంట్లో ఇన్ఫెక్షన్ మొదలైనా, రెండు రాత్రులు నిద్ర చెడినా, నీళ్లు తగ్గినా, రాత్రి మద్యం తాగినా ఆ ఆదేశం మారుతుంది, వేగం పెరుగుతుంది. ముఖ్యంగా ఇన్ఫెక్షన్ విషయంలో జ్వరం పైకి కనిపించకముందే పల్స్ కదలడం మొదలుకావచ్చు. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కోవిడ్ సోకినవారి వాచీల సమాచారాన్ని పరిశీలించినప్పుడు, చాలామందిలో లక్షణాలు బయటపడకముందే గుండె వేగంలో మార్పు కనిపించింది. అంటే పెరిగిన పల్స్ చాలాసార్లు రాబోయే జ్వరానికి ముందు వచ్చే కబురు.

ఆ కబురును మందుబిళ్లతో నొక్కేస్తే ఏమవుతుందో ఒక ఉదంతం చెబుతాను. గుర్తు తెలియకుండా వివరాలు కొంత మార్చాను. చంద్రగిరిలో బట్టల దుకాణం నడిపే ముప్పై తొమ్మిదేళ్ల వ్యక్తి అక్టోబరు నెలలో పుత్తూరులో దగ్గర బంధువుల పెళ్లికి వెళ్లి రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. మామూలుగా 63 చూపించే వాచీ సోమవారం 67, మంగళవారం 71, బుధవారం 76 చూపించింది. ఆయన తండ్రి యాభై రెండేళ్లకే గుండెపోటుతో పోయారు కాబట్టి ఆయన ఆలోచన ఎటు పోయిందో ఊహించడం కష్టం కాదు. బుధవారం ఉదయమే వేరే చోట ఈసీజీ, ఎకో చేయించుకున్నారు. రెండూ నార్మల్. అయినా మనసు కుదుటపడక, అదే రాత్రి బావగారు బీపీకి వాడే మెటోప్రోలాల్ బిళ్ల ఒకటి అడిగి వేసుకున్నారు. గురువారం ఉదయం వాచీలో 66 కనిపించడంతో సమస్య తీరిందనుకుని ఇంకొకటి వేసుకున్నారు. ఆ సాయంత్రం చలితో జ్వరం వచ్చింది. శుక్రవారం ఉదయం కూడా బిళ్ల మానకుండా, ఒళ్లు నొప్పులతో, కళ్ల వెనుక నొప్పితో నా దగ్గరకు వచ్చారు.

జ్వరం 102 డిగ్రీల ఫారెన్‌హీట్, పల్స్ 68. ఈ రెండూ కలవవు. మామూలు కన్నా ఒక సెల్సియస్ డిగ్రీ జ్వరం పెరిగితే పల్స్ సుమారు పది పెరుగుతుంది. ఆయనకు జ్వరం దాదాపు రెండు సెల్సియస్ డిగ్రీలు ఎక్కువగా ఉంది, కాబట్టి 63 ఉండే మనిషికి 80 దాటి ఉండాలి. టైఫాయిడ్‌లో జ్వరానికి తగినంతగా పల్స్ పెరగకపోవడం ఉంది కనుక నా ఆలోచన మొదట అటే వెళ్లింది. ఆ తర్వాత ఏమైనా బిళ్లలు వేసుకున్నారా అని మూడోసారి అడిగితే గానీ బావగారి సంగతి బయటకు రాలేదు. ఎన్ఎస్1 పరీక్షలో డెంగీ అని తేలింది.

డెంగీలో జ్వరం దిగే సమయమే ప్రమాదకరమైనది. సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య కొందరిలో రక్తనాళాల నుంచి రక్తంలోని నీటి భాగమైన ప్లాస్మా బయటకు కారుతుంది. జ్వరం తగ్గుతున్నా పల్స్ పెరుగుతూ పోవడం, బీపీలో పై అంకెకు, కింది అంకెకు మధ్య తేడా కుంచించుకుపోవడం మాకు అందే తొలి హెచ్చరికలు. మెటోప్రోలాల్ లాంటి, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు అందులో మొదటిదాన్ని మూగబోయేలా చేస్తుంది, పైగా తగ్గిన రక్తాన్ని గుండె వేగంతో సర్దుకునే దారిని కూడా కట్టేస్తుంది. ఉబ్బసం ఉన్నవారికైతే ఊపిరి బిగుసుకుపోయే ప్రమాదం వేరే ఉంది. ఆయన రెండు మూడు బిళ్లలే వేసుకున్నారు కాబట్టి వెంటనే ఆపించాను. మరుసటి రోజుకు పల్స్ 88కి వచ్చింది. అంకె పెరిగినందుకు నేను ఊరటపడితే ఆయన మళ్లీ హడలిపోయారు. ప్లేట్‌లెట్లు 68 వేల వరకు దిగి, రక్తం ఎక్కించనవసరం లేకుండానే కోలుకున్నాయి. పల్స్ తిరిగి 64కి రావడానికి మాత్రం దాదాపు మూడు వారాలు పట్టింది. వైరల్ జ్వరాల తర్వాత ఇది మామూలే. సోమ, మంగళవారాల్లో పెరిగిన అంకెల్లో నిద్రలేమి వాటా ఎంత, డెంగీ వాటా ఎంత అంటే విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

అపోహ: 60 నుంచి 100 లోపే ఉంది కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. ఇది మొదటి అపోహకు తమ్ముడు. ఆ హద్దులు జనాభా మొత్తానికి వేసినవి. ఎప్పుడూ 62 ఉండే మనిషికి వరుసగా నాలుగు రోజులు 78 ఉంటే, అది హద్దుల్లోనే ఉన్నా కారణం వెతకాలి. రోజుకు మూడు నాలుగు అటూ ఇటూ కావడానికి మాత్రం అర్థం వెతకవద్దు. గత మే నెలలో నేను అలిపిరి మెట్లు ఎక్కి, నీళ్లు సరిగా తాగకుండా పడుకుంటే మర్నాడు నా వాచీ ఎనిమిది ఎక్కువ చూపించింది. రెండో రోజు రాత్రికి అదే దిగిపోయింది.

అపోహ: వాచీ చెప్పిందే వేదం. పట్టీ వదులైనా, చేయి కదులుతున్నా అది తప్పుతుంది. ఉదయం నిద్రలేచాక కాఫీకి ముందు, మూత్రానికి వెళ్లివచ్చి, ఐదు నిమిషాలు పడుకుని, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి. తర్వాత లేచి నిలబడి రెండు నిమిషాలాగి మళ్లీ లెక్కపెట్టండి. నిలబడితే ముప్పై అంతకన్నా ఎక్కువ పెరిగితే ఒంట్లో నీరో రక్తమో తగ్గిందేమో చూడాలి. లెక్కపెట్టేటప్పుడు కొట్టుకోవడం సమంగా ఉందో లేదో గమనించడం అంకె కన్నా ముఖ్యం.

అలా సమంగా లేకపోతే, ఎటువంటి క్రమమూ లేకుండా తడబడుతుంటే, అప్పుడు గుండె వైపే చూడాలి, ఈసీజీ అవసరం. స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగే వేగం కూడా అంతే. ఛాతీనొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, నల్లటి మలం, ఒక కాలే వాచడం, విశ్రాంతిలో 120 దాటి తగ్గకపోవడం వంటివి ఉంటే గ్రాఫు గురించి ఆలోచిస్తూ ఇంట్లో కూర్చోకుండా అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి. ఇవేవీ లేకుండా రెండు వారాలు దాటినా పల్స్ దిగకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. ఆయాసానికి పీల్చే మందులు, జలుబు బిళ్లలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఆడవారిలో గర్భం ఉన్నా, నెలసరికి ముందు రోజుల్లోనూ పల్స్ కొంత పెరుగుతుంది.

చంద్రగిరి ఆయన బావగారు తర్వాతి వారం స్వయంగా వచ్చి, ఈ బిళ్ల ఇంత ప్రమాదమని తెలియదని, ఆ రోజు నుంచే తానూ మానేశానని చెప్పారు. బీపీ చూస్తే 170 ఉంది. ఏళ్ల తరబడి బీపీకి వాడుతున్నవారు బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా ఆపితే బీపీ, పల్స్ రెండూ ఎగదన్నుతాయి, గుండె జబ్బు ఉన్నవారికి ఛాతీనొప్పి కూడా రావచ్చు. ఆయన బిళ్లను ఆ పూటే మళ్లీ మొదలుపెట్టించి, రెండు రోజుల తర్వాత బీపీ చూపించుకోమని పంపాను.