ఒత్తిడి పుండు: ఫోటో చెప్పేది, వేలు చెప్పేది

మంచానపడి కదలలేనివారికి వచ్చే ఒత్తిడి పుండు చర్మం మీద మొదలై లోపలికి దిగుతుందని సాధారణంగా అనుకుంటాం. తీవ్రమైన పుండ్లలో తరచుగా జరిగేది ఇందుకు తారుమారు. ఎముకకూ పరుపుకూ నడుమ చిక్కి, రక్తం అందక ముందుగా దెబ్బతినేది లోపలి కండరం. చర్మం దానికంటే ఎక్కువసేపు ఓర్చుకుంటుంది కాబట్టి, పైన మచ్చ కనిపించేసరికే లోపల నష్టం జరిగిపోయి ఉండవచ్చు. ఇంట్లోవారు ఫోన్‌లో తీసిన ఫోటో పైపొరను మాత్రమే చూపిస్తుందన్న సంగతి ఇక్కడే గుర్తుంచుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పక్షవాతంతో మంచానపడిన ఒక పెద్దావిడ, జ్వరం వచ్చిన రెండు రోజులూ వెల్లకిలానే పడుకుని ఉంది. సోమవారం ఒళ్లు తుడుస్తున్నప్పుడు, పిరుదుల మధ్య గీతకు కాస్త పైన, ఎముక తగిలే చోట, 4 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పున ఊదారంగు మచ్చ కనిపించింది. చర్మం ఎక్కడా చిట్లలేదు. కొడుకు ఫోటో తీసి, కమిలినట్టుందని రాసి నర్సుకు పంపాడు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "వేలితో నొక్కి చూశారా?"

ఎర్రబడిన మచ్చను మూడు సెకన్లు నొక్కి వదిలినప్పుడు అది తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తప్రసరణ ఇంకా సాగుతున్నట్టే. రంగు మారకపోతే అది ఒత్తిడి పుండులో మొదటి దశ. చామనఛాయ, నల్లని చర్మాల్లో ఈ ఎరుపు గానీ తెల్లబడటం గానీ స్పష్టంగా తెలియదు. పక్కనున్న చర్మంతో పోల్చి అక్కడ వెచ్చగా ఉందా, చల్లగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తగా ఉందా, నొప్పి ఉందా అని చేత్తో తెలుసుకోవాలి. పైపొర ఊడి గులాబీరంగు తడి పుండుగానో, పలుచటి నీటి బొబ్బగానో మారితే రెండో దశ. చర్మం పూర్తి మందం పోయి కొవ్వు కనిపిస్తే మూడోది, కండరమో స్నాయువో ఎముకో బయటపడితే నాలుగోది. అడుగంతా పసుపు పొరతోనో నల్లటి పెచ్చుతోనో కప్పుకుపోతే, ఆ కప్పు తొలగేదాకా దశ చెప్పలేం. అలాంటి ఫోటో చూసి ఎవరైనా ఖచ్చితంగా దశ చెప్పేస్తే నేనైతే నమ్మను.

సోమవారం కనిపించిన మచ్చ ఈ వరుసలో ఇమడదు. చర్మం చెక్కుచెదరకుండానే ఊదా లేదా ముదురు ఎరుపు రంగు వచ్చి, తాకితే మెత్తగానో గట్టిగానో ఉంటే, దాన్ని లోతైన కణజాల గాయంగా అనుమానించాలి. ఇది సాధారణంగా ఒత్తిడి పడిన 48 నుంచి 72 గంటల తర్వాత పైకి తేలుతుంది. ఆ పెద్దావిడకు బుధవారం మచ్చ మీద పలుచటి బొబ్బ లేచింది, శనివారానికి అది నల్లటి పెచ్చయింది. మూడు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఐదు రోజుల అశ్రద్ధ ఫలితమనిపిస్తుంది గానీ, నిజానికి నష్టం చాలావరకు సోమవారానికి ముందే జరిగింది. అందుకే ఊదారంగు కనిపించిన రోజే ఆ చోటి మీద బరువు పూర్తిగా తీసేయాలి, అదే రోజు వైద్యుడికో నర్సుకో చూపించాలి. మచ్చను రుద్దకూడదు, నడుమ రంధ్రం ఉన్న గుండ్రటి దిండు అంచుల దగ్గర రక్తం అందకుండా చేస్తుంది కాబట్టి అదీ వాడకూడదు.

ఫోటోలు పోల్చుకోవడానికి పనికిరావాలంటే, పుండును శుభ్రం చేశాక, ప్రతిసారీ ఒకే భంగిమలో, ఒకే దూరం నుంచి, ఫ్లాష్ లేకుండా పగటి వెలుగులో తీయాలి. పక్కకు తిప్పినప్పుడు చర్మం సాగి పుండు ఆకారమే మారిపోతుంది. కొన్నిసార్లు "తగ్గింది" అనిపించడానికి కారణం ఇదే కావచ్చు. చర్మాన్ని తాకకుండా పక్కన కాగితపు స్కేలు, తేదీ ఉంచితే కొలత దొరుకుతుంది, తెల్ల కాగితం వల్ల రంగు తేడా కూడా తెలుస్తుంది. వాసన, వేడి, అంచుల కింద చర్మం లోపలికి బోలుగా ఉండటం ఫోటోలో పడవు కాబట్టి వాటిని మాటల్లో రాసి పంపాలి.

చర్మం తెగినా, కొవ్వో నల్లటి పెచ్చో కనిపించినా, పుండు చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము లేదా కొత్త దుర్వాసన వచ్చినా ఆ రోజే కబురు చేయాలి. మడమ మీద పొడిగా, గట్టిగా అతుక్కున్న నల్లటి పెచ్చును ఇంట్లో పీకకూడదు. అది మెత్తబడినా, చుట్టూ ఎర్రబడినా వెంటనే చూపించాలి. చలితో కూడిన జ్వరం, అకస్మాత్తుగా మాట తడబడటం లేదా మగతగా ఉండటం, ఊపిరి వేగంగా ఆడటం, మూత్రం బాగా తగ్గడం రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకిన సూచనలు కావచ్చు. అప్పుడు ఫోటో పంపి జవాబు కోసం ఎదురుచూడకుండా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. వృద్ధుల్లో జ్వరం రాకుండానే ఈ మగత ముందుగా కనిపించవచ్చు. ఇవేవీ లేకపోయినా, సరైన సంరక్షణ జరుగుతున్నా, రెండు వారాల ఫోటోల్లో కొలత తగ్గకపోతే చికిత్సను మళ్లీ పరిశీలించమని వైద్యుణ్ణి అడగాలి.